జింజర్‌బ్రెడ్ ఇల్లు కూలకుండా నిలవాలంటే: ఐసింగ్ చిక్కదనం, గోడల ఆసరా

క్రిస్మస్ బల్ల మధ్యలో పెట్టిన జింజర్‌బ్రెడ్ ఇల్లు ఒరిగిందన్నా, కప్పు జారిందన్నా దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే, నీళ్లు. ఐసింగ్‌లో నీళ్లు ఎక్కువైతే గోడ అతుక్కోకుండా జారుతుంది. అలంకరణ కోసం పోసిన పలుచని ఐసింగ్‌లోని తేమను బిస్కెట్ పీల్చుకుంటే గోడ మెత్తబడి వంగుతుంది. అతుకు లోపల తడి ఆరకముందే కప్పు పెడితే బరువుకు గోడలు పక్కలకు తెరుచుకుంటాయి. అందుకే ఐసింగ్ ఎంత చిక్కగా ఉండాలి, గోడకు ఎంతసేపు ఆసరా ఉంచాలి అనేవి వేర్వేరు ప్రశ్నలు కావు. ఇక్కడ ఒక చిన్న ఇల్లు తీసుకుని, పలకలు కొయ్యడం నుంచి బల్ల మీద పెట్టేదాకా చూద్దాం.

అమెరికాలో ఉన్నవాళ్లు డిసెంబర్‌లో షాపుల్లో దొరికే కిట్ తెచ్చుకుని ఉంటే బేకింగ్ భాగం వదిలేసి ఐసింగ్ దగ్గర్నుంచి చదవచ్చు. ఇక్కడ చెప్పే కొలతలకు బదులు మీ పలకల కొలతలు తీసుకోండి. మిగతా పద్ధతంతా అదే.

ఇంటి కొలతలు

ఇది బల్ల మధ్యలో పెట్టేది కాబట్టి ఎదురుగా కూర్చున్నవాళ్ల మొహాలు కనబడాలి. అందుకని 14 సెంటీమీటర్ల ఎత్తు దాటకుండా ఇలా వేసుకోండి. పక్క గోడలు రెండు, ఒక్కొక్కటి 15 సెం.మీ. పొడవు, 9 సెం.మీ. ఎత్తు. ముందు గోడ, వెనక గోడ 12 సెం.మీ. వెడల్పు, అంచుల దగ్గర 9 సెం.మీ. ఎత్తు, మధ్యలో కొప్పు దగ్గర 13.5 సెం.మీ. కప్పు పలకలు రెండు, 18 సెం.మీ. పొడవు, 9 సెం.మీ. వెడల్పు. ముందు గోడ మీది వాలు అంచు సరిగ్గా 7.5 సెం.మీ. వస్తుంది. మిగిలిన ఒకటిన్నర సెంటీమీటరు చూరుగా బయటికి వేలాడుతుంది.

బొమ్మల్లో కనిపించే నిటారు కప్పులు చూడ్డానికి బాగుంటాయి కానీ, ఐసింగ్ ఆరేలోపు జారిపోతుంటాయి. ఈ కొలతల్లో కప్పు వాలు తక్కువ కాబట్టి మొదటిసారి చేసేవాళ్లకు పని తేలిక.

వీటికి తోడు ఇంకో పలక కొయ్యమని గట్టిగా చెబుతాను. అదే లోపలి అడ్డగోడ. ముందు గోడ ఆకారంలోనే కోసి, రెండు పక్కలా 7 మిల్లీమీటర్లు తగ్గించండి. పక్క గోడల మధ్య అది సరిగ్గా ఇముడుతుంది. కింద మధ్యలో 5 సెం.మీ. వెడల్పు ఖాళీ వదిలితే లోపల పెట్టే లైటు వెలుగు రెండు వైపులా పోతుంది. ఈ గోడ బయటికి కనబడదు. కానీ కప్పు మధ్యలో కుంగకుండా, పక్క గోడలు బయటికి వంగకుండా పట్టుకునేది ఇదే. వెనక గోడ కింది భాగంలో కూడా 5 సెం.మీ. చదరపు రంధ్రం ఉంచండి. బ్యాటరీ లైటు అందులోంచి లోపలికి పెట్టుకోవచ్చు.

అట్ట ముక్కల మీద ఈ ఆకారాలు ముందుగా గీసి, కత్తిరించి, టేపుతో ఒకసారి ఇల్లులా నిలబెట్టి చూడండి. కొలతలో తప్పుంటే అట్ట దగ్గరే తెలిసిపోతుంది.

గట్టి బిస్కెట్

తినడానికి చేసే జింజర్‌బ్రెడ్ మెత్తగా, పొంగి ఉంటుంది. ఇంటికి అది పనికిరాదు. ఇందులో బేకింగ్ సోడా, బేకింగ్ పౌడర్ రెండూ వద్దు. పొంగితే పలక అంచులు వంకర పోతాయి, గోడలో గాలి గదులు ఏర్పడి బలం తగ్గుతుంది.

400 గ్రాముల మైదా, 125 గ్రాముల వెన్న, 125 గ్రాముల బ్రౌన్ షుగర్, 100 గ్రాముల గోల్డెన్ సిరప్ తీసుకోండి. రెండు చెంచాల శొంఠి పొడి, ఒక చెంచా దాల్చినచెక్క పొడి, అర చెంచా లవంగాల పొడి, చిటికెడు ఉప్పు చాలు. వెన్న, చక్కెర, సిరప్ సన్నని సెగ మీద కరిగించి, కాస్త చల్లారాక పొడులన్నిటితో కలపండి. ముద్ద కట్టకుండా పొడిపొడిగా విరుగుతుంటే చెంచా చెంచాగా నీళ్లు చిలకరించండి. అరగంట పక్కన పెట్టి, బేకింగ్ పేపర్ మీదే 6 మిల్లీమీటర్ల మందంలో ఒత్తండి. అట్టలు పెట్టి కోసి, పలకను కదపకుండా చుట్టూ ఉన్న పిండిని తీసెయ్యండి. పలకను ఎత్తి ట్రేలో వేస్తే సాగి ఆకారం మారుతుంది కాబట్టి కాగితంతో సహా ట్రేలోకి జరపాలి.

170 డిగ్రీల దగ్గర 15 నుంచి 18 నిమిషాలు కాల్చండి. బయటికి తీసిన వెంటనే, ఇంకా వేడిగా మెత్తగా ఉండగానే, అట్ట మళ్లీ పైన పెట్టి అంచులు సూటిగా కొయ్యండి. తర్వాత ఓవెన్ 120 డిగ్రీలకు తగ్గించి మరో 20 నిమిషాలు ఆరబెట్టండి. ఈ రెండో విడతే పలకలో మిగిలిన తేమను లాగేస్తుంది. పూర్తిగా చల్లారాక ఒక చిన్న తునక విరిచి చూడండి. టప్‌మని విరగాలి. వంగి విరిగితే ఇంకా తేమ ఉన్నట్టే, మళ్లీ ఓవెన్‌లోకి పంపాలి.

చల్లారిన పలకల అంచుల్ని సన్న తురుముపీట మీద మెల్లగా రుద్ది సమం చెయ్యండి. రెండు పలకలు అంచు నుంచి అంచుకు ఖాళీ లేకుండా ఆనితే ఐసింగ్ తక్కువ పడుతుంది, అతుకు గట్టిగా ఉంటుంది. రాలిన పొడిని పొడి బ్రష్‌తో దులపడం మర్చిపోవద్దు. పొడి మీద పెట్టిన ఐసింగ్ గోడకు కాకుండా పొడికే అంటుకుంటుంది.

ఐసింగ్: ఒకే గిన్నె, మూడు చిక్కదనాలు

ఇంటికి కావలసింది రాయల్ ఐసింగ్ మాత్రమే. వెన్నతో చేసే బటర్‌క్రీమ్ ఎప్పటికీ గట్టిపడదు. 450 గ్రాముల ఐసింగ్ షుగర్ జల్లించి, రెండు గుడ్ల తెల్లసొన (సుమారు 65 గ్రాములు), అర చెంచా నిమ్మరసం కలిపి మిక్సర్‌లో తక్కువ వేగంతో 7, 8 నిమిషాలు కొట్టండి. వేగం పెంచితే గాలి నిండుతుంది. చూడ్డానికి నురగలా బాగానే ఉంటుంది కానీ, ఆరాక సుద్దముక్కలా పొడి రాలి అతుకు ఊడిపోతుంది. గిన్నెకు నూనె జిడ్డు ఏ మాత్రం ఉన్నా తెల్లసొన కట్టదు కాబట్టి ముందు గిన్నెను నిమ్మచెక్కతో తుడవండి.

పిల్లలు, గర్భిణులు, పెద్దవాళ్లు ఈ ఇంటిని తినే అవకాశం ఉంటే పచ్చి తెల్లసొన వాడొద్దు. బేకింగ్ సామాన్ల షాపుల్లో మెరాంగ్ పౌడర్ దొరుకుతుంది. ప్యాకెట్ మీద చెప్పినట్టు నీళ్లు కలిపి అదే పద్ధతిలో కొట్టాలి.

ఇలా వచ్చిన ఐసింగ్ మొదటి రకం, అంటే అతికించే ఐసింగ్. చెంచా ముంచి పైకి తీసి తిప్పితే మొన నిటారుగా నిలవాలి, వాలకూడదు. మన వంటింటి లెక్కలో చెప్పాలంటే ఇది గారెల పిండి గట్టిదనం. మూడో రకంగా చేసేది దోసెల పిండి జారు. మొన వంగితే ఒక చెంచా ఐసింగ్ షుగర్ కలిపి మళ్లీ చూడండి. ఇంకో పరీక్ష ఉంది. రెండు బిస్కెట్ తునకల్ని ఎల్ ఆకారంలో అతికించి వదిలెయ్యండి. అరనిమిషంలో నిలబెట్టిన తునక కిందికి జారిందంటే ఐసింగ్ పలుచన. గోడలతో ప్రయోగం చేసే ముందు తునకలతో చెయ్యడం మేలు.

ఇందులో సగానికి పైగా, దాదాపు 300 గ్రాములు, అతికించడానికి అలాగే ఉంచండి. మిగిలినదాన్ని రెండు గిన్నెల్లోకి తీసుకోండి. ఒక గిన్నెలో చుక్క చుక్కగా నీళ్లు కలుపుతూ, మొన నిలిచి దాని చివర మాత్రం కొంచెం వాలేదాకా తీసుకురండి. ఇది రెండో రకం, దీనికి అర చెంచా నీళ్లు కూడా పట్టకపోవచ్చు. కిటికీల చుట్టూ గీతలు, తలుపు, తీగలు, చూరు నుంచి వేలాడే మంచు ధారలు వీటన్నిటికీ ఇదే.

రెండో గిన్నెలో ఇంకాస్త నీళ్లు కలిపితే మూడో రకం వస్తుంది, గీత లోపల నింపే పలుచని ఐసింగ్. కత్తితో మధ్యలో గీత గీస్తే 10 నుంచి 15 సెకన్లలో ఆ గీత మూసుకుపోవాలి. ఐదు సెకన్లకే మూసుకుంటే నీళ్లు ఎక్కువైనట్టు. దాన్ని గోడ మీద పొయ్యకండి, ముందు గట్టి ఐసింగ్ కొంచెం కలిపి సరిచెయ్యండి.

గిన్నెల మీద తడిగుడ్డ కప్పే ఉంచాలి. గాలి తగిలితే కొన్ని నిమిషాల్లోనే పైన పొర కట్టి, ఆ పలుకులు నాజిల్‌కు అడ్డుపడతాయి.

గోడలు పడుకుని ఉన్నప్పుడే అలంకరణ

ఇల్లు నిలబెట్టాక గోడల మీద డిజైన్ వెయ్యడం అందరూ చేసే పనే. కానీ నిలువు గోడ మీద ఐసింగ్ కిందికి దిగుతుంది, చెయ్యి ఆనించే చోటు ఉండదు, ఒత్తిడికి అతుకు కదులుతుంది. పలకల్ని బల్ల మీద పరిచి ముందే అలంకరించుకుంటే ఈ టెన్షన్ ఏదీ ఉండదు. బల్ల మధ్యలో పెట్టే ఇల్లు నాలుగు వైపులా కనబడుతుంది కాబట్టి వెనక గోడను కూడా వదలొద్దు.

రెండో రకం ఐసింగ్‌ను 2 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న నాజిల్‌తో వాడండి. నాజిల్‌ను పలకకు ఆనించి గీస్తే గీత వణుకుతుంది. కొద్దిగా పైకెత్తి, ఐసింగ్ దారాన్ని గాల్లోంచి పలక మీదికి పరిచినట్టు వదిలితే సూటిగా పడుతుంది. కిటికీ చట్రం, తలుపు, దాని మీద పచ్చని దండ ఇవి గీశాక పది నిమిషాలు ఆగి, లోపల నింపాల్సిన చోట మూడో రకం పొయ్యండి.

ఇక్కడ ఒక హద్దు పెట్టుకోవాలి. పలుచని ఐసింగ్‌తో గోడ మొత్తం తెల్లగా నింపొద్దు. అందులోని నీళ్లు నేరుగా బిస్కెట్‌లోకి దిగుతాయి. ఒక వైపే తడిసిన పలక వంకర తిరుగుతుంది, రాత్రికి మెత్తబడుతుంది. కిటికీ రెక్కలు, తలుపు వంటి చిన్న భాగాలకే పరిమితం చేసి, పొర 2 మిల్లీమీటర్లు దాటకుండా చూసుకోండి. గోడ నిండా ఏదైనా కావాలనుకుంటే రెండో రకంతో ఇటుకల గీతలు గియ్యండి. గోధుమ రంగు బిస్కెట్ మీద సన్నని తెల్ల గీతలు నిండు పూత కంటే అందంగా ఉంటాయని నా అభిప్రాయం.

గోడల అంచుల నుంచి ఒక సెంటీమీటరు వరకు ఏమీ వెయ్యకండి, అక్కడ అతుకులు వస్తాయి. కప్పు పలకల్ని ఇప్పుడు అలంకరించొద్దు. ఫ్యాన్ కింద రాత్రంతా ఆరనివ్వండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. బయటికి తీశాక పలక మీద చెమ్మ పట్టి, అప్పటిదాకా ఆరబెట్టిందంతా వృథా అవుతుంది.

గోడలు నిలబెట్టడం

30 సెం.మీ. కేక్ బోర్డు గానీ, ఫాయిల్ చుట్టిన గట్టి చెక్క గానీ తీసుకోండి. అట్ట వంగుతుంది. ఇంటిని మోసేటప్పుడు అడుగు వంగితే అతుకులన్నీ ఒకేసారి పగులుతాయి. ఆసరాకు ఆరు సెంటీమీటర్ల వెడల్పున్న స్టీలు గ్లాసులు, సన్నని సీసాలు ఓ ఎనిమిది సిద్ధంగా ఉంచుకోండి. ఖాళీవి జరిగిపోతాయి కాబట్టి నీళ్లో బియ్యమో పోసి బరువుగా చెయ్యండి.

అతికించే ఐసింగ్‌ను పైపింగ్ బ్యాగ్‌లో వేసి, కొన దగ్గర 6 మిల్లీమీటర్ల రంధ్రం వచ్చేలా కొయ్యండి. ఐసింగ్ తీగ అంతే లావుండాలి. ఎక్కువ పెడితే ఎక్కువ బలం అనుకోవడం పొరపాటు. లావు తీగ పైన గట్టిపడి లోపల రోజంతా తడిగానే ఉంటుంది. కప్పు బరువు పడ్డాక ఆ తడి భాగమే నలుగుతుంది.

బోర్డు మీద వెనక గోడ వచ్చే చోట ఒక తీగ గీసి గోడ నిలబెట్టి, బయటా లోపలా చెరో గ్లాసు ఆనించండి. ఎడమ పక్క గోడకు కింది అంచున, వెనక గోడకు ఆనే నిలువు అంచున తీగ పెట్టి, వెనక గోడ లోపలి ముఖానికి అదమండి. పక్క గోడలు ముందు, వెనక గోడల మధ్య ఇమడాలి, బయట కాదు. మూలలో ఒక పుస్తకం అంచు పెట్టి లంబంగా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. ఇరవై నిమిషాలు ఆగితే ఈ మూల తనంతట తాను నిలుస్తుంది.

తర్వాత ముందు గోడ, దాని వెంట మధ్యలో అడ్డగోడ, చివరగా కుడి పక్క గోడ. పలకను అతికించేది తీగ గీసిన ఒకటి రెండు నిమిషాల్లోపే కావాలి. తీగ మీద పొర కట్టాక అతికిస్తే పైకి బాగానే కనిపిస్తుంది కానీ పట్టు ఉండదు.

నాలుగు గోడలు నిలిచాక ఇంటి లోపలివైపు ప్రతి మూలలో పై నుంచి కిందికి, అలాగే గోడ బోర్డుకు ఆనే చోట పొడుగునా, మరో తీగ గీసి తడి వేలితో మూలలోకి అదమండి. బయటి అతుకు అందానికి, ఇంటిని పట్టి ఉంచేది ఈ లోపలిదే. మిగిలిన బిస్కెట్ నుంచి వేలెడు ముక్కలు కోసి ఆ మూలల్లో నిలువుగా అతికిస్తే ఇంకా మంచిది. నార్త్ కెరొలినాలోని ఆషెవిల్‌లో 1992 నుంచి జరుగుతున్న జాతీయ జింజర్‌బ్రెడ్ పోటీలో ఇళ్లు పూర్తిగా తినదగినవే అయి ఉండాలి, అందుకే లోపలి ఆసరా కూడా తిండి పదార్థంతోనే చేస్తారు. మనకా నియమం లేదు, లోపల అట్ట పెట్టినా ఎవరూ అడగరు. అయినా బిస్కెట్ ముక్క ఐసింగ్‌ను అట్ట కంటే గట్టిగా పడుతుంది.

గ్లాసులన్నీ కనీసం నాలుగు గంటలు ఉంచాలి, రాత్రంతా ఉంచగలిగితే మేలు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరపు ఊళ్లలో గాలిలో తేమ వల్ల ఇంకా ఆలస్యమవుతుంది, వీలైతే ఏసీ గదిలో ఆరబెట్టండి. ఆరిందని ఎలా తెలుస్తుంది? అతుకు మీద గోటితో నొక్కండి. గుంట పడకూడదు. ముందు గోడను పైన రెండు వేళ్లతో అతి మెల్లగా కదిపితే బోర్డుతో సహా కదలాలి, గోడ ఒక్కటే ఊగకూడదు. లోపలి గ్లాసుల్ని కప్పు పెట్టే ముందే తీసెయ్యాలి.

కప్పు

ముందు, వెనక, అడ్డ గోడల వాలు అంచుల మీద, పక్క గోడల పై అంచు మీద తీగ పెట్టండి. పక్క గోడ పై అంచు చదునుగా, కప్పు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి వాటి మధ్య లోపలివైపు సందు మిగులుతుంది. అక్కడ రెండు తీగలు వేసి నింపండి. లేకపోతే ఆ గోడ మీద కప్పు సన్నని అంచు ఒక్కదానిపైనే ఆనుతుంది.

ఒక పలక పెట్టి, జారకుండా చూరు కింద ఆసరా ఇవ్వండి. ఈ కొలతల్లో చూరు అడుగు భాగం బోర్డు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల ఎత్తున వస్తుంది. ఓ పొట్టి గ్లాసు పెట్టి, తక్కువైన మేరకు పైన అట్ట ముక్కలు పేర్చితే సరిపోతుంది. పది నిమిషాల తర్వాత రెండో పలక అలాగే పెట్టి, కొప్పు దగ్గర రెండూ కలిసేచోట తీగతో నింపండి. చేత్తో రెండు నిమిషాలు పట్టుకోండి. మళ్లీ ఒక రాత్రి ఆరాల్సిందే.

కప్పు అలంకరణలో చూడాల్సింది బరువు. గట్టి చాక్లెట్లు, పిప్పరమెంట్లు కప్పు నిండా పేర్చితే అందం కంటే భారమే ఎక్కువ. బాదం పలుకులు, కార్న్‌ఫ్లేక్స్, పల్చని బిస్కెట్ల ముక్కలు తేలిగ్గా ఉంటాయి, పెంకుల్లా కనిపిస్తాయి కూడా. చూరు దగ్గర మొదలుపెట్టి పైకి పోవాలి. ప్రతి వరుసా కింది వరుసను సగం కప్పాలి. ఒకేసారి కప్పంతా ఐసింగ్ పూయకుండా ఒక్కో వరుసకు సరిపడా తీగ గీసుకోండి. కొప్పు పొడుగునా జెమ్స్ ఒక వరుస చాలు. గోడల మీద లైట్ల దండకు రంగురంగుల సోంపు భలే కుదురుతుంది. రంగు బిళ్ళలు పలుచని ఐసింగ్‌లో పెడితే రంగు కరిగి చుట్టూ పాకుతుంది కాబట్టి వీటన్నిటికీ అతికించే ఐసింగే వాడండి. టూటీ ఫ్రూటీలో తడి ఎక్కువ, దాన్ని బోర్డు మీది తోటకు ఉంచుకోండి.

చివరగా మంచు ధారలు. రెండో రకం ఐసింగ్‌తో నాజిల్‌ను చూరు అంచుకు ఆనించి గట్టిగా నొక్కండి. చిన్న బొట్టు ఏర్పడగానే నొక్కడం తగ్గిస్తూ కిందికి లాగితే కొన సన్నబడి తెగుతుంది. తెగకుండా సాగి కిందికి కారుతుంటే ఐసింగ్ పలుచన. పొట్టిగా మొండిగా తెగుతుంటే రెండు చుక్కల నీళ్లు కలపాలి. ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా వేస్తేనే సహజంగా ఉంటుంది. బోర్డు మీద మిగిలిన ఐసింగ్ పరిచి, ఆరకముందే ఎండు కొబ్బరి పొడి చల్లితే నేల మీది మంచు సిద్ధం.

ఏదైనా తేడా వస్తే

అతుకు ఊడి, ఐసింగంతా ఒక గోడకే అంటుకుని ఉంటే రెండో గోడ అంచున పొడి ఉందన్నమాట, లేదా పొర కట్టాక అతికించారు. పాత ఐసింగ్ కత్తితో గీకి మళ్లీ పెట్టండి. దాని మీదే కొత్తది పెడితే పట్టదు. ఐసింగ్ రెండుగా చీలి పొడి రాలితే ఎక్కువ కొట్టడం వల్ల వచ్చిన సమస్య, ఆ గిన్నెలోది మళ్లీ గోడలకు వాడకండి. గోడ మధ్యలో బయటికి ఉబ్బితే బిస్కెట్ మెత్తబడినట్టు. కప్పు ఇంకా పెట్టలేదంటే గ్లాసులు తిరిగి ఆనించి ఫ్యాన్ కింద ఉంచండి, లోపలివైపు బిస్కెట్ ముక్క ఒకటి నిలువుగా అతికించండి. గోడ పగిలితే వెనకవైపు పట్టీ వేసినట్టు బిస్కెట్ ముక్క అతికించి, బయటి పగులు మీద ఒక తీగ మొక్కను గీసెయ్యండి.

అర్జెంటుగా అతకాలంటే చక్కెరను ఎర్రగా కరిగించిన పాకం సెకన్లలో పట్టేస్తుంది. కానీ అది చర్మం మీద పడితే లోతుగా కాలుతుంది, పిల్లలు చుట్టూ ఉన్నప్పుడు వద్దు. పైగా తేమ గాలికి జిగటగా మారుతుంది.

రోజుల లెక్క, బల్ల మీద చోటు

25వ తేదీ మధ్యాహ్నానికి ఇల్లు బల్ల మీద ఉండాలంటే 21న బేకింగ్, 22న పలకల మీద డిజైన్, 23 ఉదయం గోడలు, ఆ రాత్రి కప్పు, 24 సాయంత్రం కప్పు మీది అలంకరణ. కప్పు కోసం 23 రాత్రి కొత్త ఐసింగ్ కలుపుకోండి. నిలవున్నదానిలో నీరు అడుక్కు చేరి చిక్కదనం మారిపోతుంది.

లోపల బ్యాటరీ లైటే పెట్టండి, నిజం కొవ్వొత్తి పెడితే ఐసింగ్ మెత్తబడుతుంది, నిప్పు ప్రమాదం కూడా. పండుగ భోజనంలో బిర్యానీ గిన్నె మూత తీసినప్పుడు వచ్చే ఆవిరి నేరుగా ఇంటికి తగిలితే చూరు దగ్గర మంచు ధారలు ముందు కరుగుతాయి. వేడి గిన్నెలన్నీ బల్ల చివరలకు పెట్టి, ఇంటికి చుట్టూ మూరెడు చోటు వదలండి. జరపాల్సి వస్తే బోర్డు కింద రెండు చేతులు పెట్టి ఎత్తాలి, కప్పు పట్టుకుని కాదు. తినాలనుకుంటే పండుగ రోజు సాయంత్రమే విరవండి. రోజుల తరబడి గాలికి, దుమ్ముకు ఉన్నదాన్ని అలంకరణగా మాత్రమే చూడాలి.